మూయని డెబిట్ నోటు

నీటిపంపుల టోకు దుకాణంలో ఆమెను అందరూ వాపసమ్మ అనేవారు. పనికిరాని సరకును వచ్చిన చోటికే తిప్పి పంపడం ఆమె ఉద్యోగం. వెనుకగదిలో ఒక బల్ల, ఒక ఫోను. కౌంటరు దగ్గరి నవ్వులు గోడ దాటి వచ్చేవే గాని, వాటిలోకి ఆమెను రమ్మన్నవారు లేరు. ఇంటికి వెళ్ళినా పలకరించే దిక్కు లేదు.

ఒకసారి ఆరు పంపులు నీరు కారుతున్నాయని తేలింది. ఆమె వాటిని సరఫరాదారుకు తిప్పి పంపి, నిల్వ లెక్కలో ఆరు తగ్గించి, వారికివ్వవలసిన సొమ్ములో వాటి ధర తగ్గిస్తూ డెబిట్ నోటు రాసింది. సొమ్ము తగ్గించుకోవడమో, మారు పంపులు రావడమో తేలేదాకా ఆ కాగితాన్ని మూయడానికి వీల్లేదు. సరఫరాదారు దగ్గరి ముసలి గుమాస్తా రోజూ పదకొండింటికి ఫోను చేసేవాడు.

"అమ్మా, మారు పంపులు పంపించేశాం. చేరాయా?"

"చూసి చెప్తానండీ బాబాయిగారూ."

"మీరే చూడాలి. నా కళ్ళను నమ్మలేం. ఇవాళ మా ఆవిడ చెప్పులేసుకుని ఆఫీసుకొచ్చాను!"

ఆమె చాలాకాలానికి పకపకా నవ్వింది.

మరునాడే పంపులు వచ్చాయి. లారీవాడి రసీదు మీద సంతకం చేసింది. ఇక రాక నమోదు చేసి, నిల్వలో ఆరు కలిపి, డెబిట్ నోటు రద్దు చేయడమే తరువాయి. ఆ పని ముగిస్తే ఫోనూ ముగుస్తుంది. రేపు రాద్దామనుకుంది. ఆ రేపు తొమ్మిది రోజులు సాగింది; రోజూ పదకొండింటికి ఫోను మోగితే "ఇంకా చూడలేదండీ" అనేది.

పదోనాడు యజమాని గుమ్మంలోంచే అన్నాడు: "వాపసమ్మా, ఆ ఆరూ ఇంకా రాలేదుగా! రేపిచ్చే బిల్లులో వాటి డబ్బు కోసేస్తున్నా."

కాసేపటికి ఫోను మోగింది. ఈసారి హాస్యం లేదు.

"అమ్మా, లారీవాడు తెచ్చిన రసీదు చూడకుండానే ఎక్కడో పోగొట్టాను. పంపినట్టు రుజువు లేదు. మీ యజమాని చెప్పినట్టు డబ్బు కోస్తే మావాళ్ళు నా జీతంలో కోస్తారు."

ఆమె లేచి యజమాని ముందు నిలిచింది.

"అయ్యా, పంపులు తొమ్మిది రోజుల కిందటే వచ్చాయి. నేనే రాయలేదు."

"నువ్వా? చీమ చచ్చినా చీటీ రాసేదానివి! ఏమొచ్చింది నీకు?"

"ముందు వెళ్ళి రాయి" అన్నాడతడు విసుగ్గా. ఆమె వచ్చిన తేదీ వేసి రాక నమోదు చేసి, డెబిట్ నోటు రద్దు చేసి, తొలిసారి తానే ఫోను చేసింది.

"మీకు పూర్తి సొమ్మే వస్తుంది బాబాయిగారూ. పంపులు ఎప్పుడో వచ్చాయి. తప్పు నాదే."

"ఎప్పుడో అంటే?"

"మీరు పంపిన మరునాడే."

"సరేనమ్మా. ఇక ఆ విషయం మూసేస్తున్నాను" అని ఫోను పెట్టేశాడు.

అరలో పెట్టే ముందు పంపులను పరీక్షించవలసి ఉన్నది. ఆమె ఒక్కొక్కటే నీటితొట్టిలో పెట్టి నడిపి, అతుకుల వెంట వేలితో తడిమి చూసింది. ఆరింటిలో ఒక్కదానినుంచీ చుక్కైనా కారలేదు; తిప్పి పంపవలసింది ఏదీ లేదు.