తొమ్మిది సీట్ల బిల్లు

మా తాతయ్య కళ్ళు మూసుకుని చొక్కా ముట్టుకుంటే చాలు, అది ఎవరిదో, ఆ ఇంట్లో నిన్న ఏం గొడవ జరిగిందో చెప్పేస్తాడు. ఇలాంటి లాండ్రీ మనిషి భూమ్మీద ఇంకొకడు పుట్టలేదు. అంతటివాణ్ణి ఒక బిల్లు కుర్చీలో కూలబడేలా చేసింది.

కౌంటరు మీది సాఫ్ట్‌వేర్‌కి ఏడాది చందా. వాడేవాళ్ళు ఎంతమందో అన్ని సీట్లకు కట్టాలి. మా కొట్లో వాడేది తాతయ్య, అత్త, ఇస్త్రీ బాబాయి, బట్టలు చేరవేసే డ్రైవరు. బిల్లులో మాత్రం తొమ్మిది సీట్లున్నాయి. శుక్రవారంలోగా కట్టకపోతే స్క్రీన్ మూతపడుతుంది. ఏ బట్ట ఏ కడ్డీకి ఉందో దానికొక్కదానికే తెలుసు. చొక్కా ముట్టుకుని చెప్పే విద్య ఆ వారం ఎందుకో పనిచేయలేదు.

"రాయి," అన్నాడు తాతయ్య, నుదురు రుద్దుకుంటూ. "అయ్యా, మేం నలుగురం. తొమ్మిది తప్పు. సరిచేసి వేరే బిల్లు పంపండి."

"గట్టిగా తిట్టనా తాతయ్యా?"

"ఓపిక లేదురా. మామూలుగానే రాయి."

బిల్లు నంబరు వేసి కంపెనీకి మెయిల్ పంపాను. మర్నాడు కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. తాతయ్య స్పీకర్ పెట్టాడు.

"సర్, మీ ఖాతాలో తొమ్మిదిమంది యాక్టివ్‌గా ఉన్నారు. ఇస్త్రీ, ఇస్త్రీ రెండు, ఇస్త్రీ మూడు..."

బాబాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గోడ వైపు తిరిగాడు. ఆయన పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడల్లా, పాతది మార్చడం తెలియక, తాతయ్యే కొత్త పేరు సృష్టిస్తూ పోయాడు. అలా ఇస్త్రీ ఆరు వరకూ పెరిగారు.

"పెళ్ళి కూడా కాకుండా ఇంత సంతానం," అంది అత్త.

"మాట్లాడకండమ్మా, తలొంచుకునే ఉన్నాగా," అన్నాడు బాబాయి.

తాతయ్య నవ్వలేదు. అలసిపోయిన గొంతుతో, "తప్పు మాదేనమ్మా. ఇప్పుడేం చేయాలి?" అన్నాడు.

"ఆ అదనపు పేర్లు తీసేయొద్దు సర్, మీ కస్టమర్ల పాత బిల్లుల మీద అవే ఉన్నాయి. డీయాక్టివేట్ చేసి మళ్ళీ మెయిల్ పెట్టండి. గడువు దాటలేదు కాబట్టి ఈ బిల్లు రద్దు చేసి, నాలుగు సీట్లకు కొత్తది పంపిస్తాం."

రెండో ఉత్తరంలో 'తప్పు' పక్కన 'మాది' చేరింది. ఆ మాట నాతో టైపు చేయించే ముందు తాతయ్య మంచినీళ్ళు తాగాడు. గురువారం సాయంత్రం నాలుగు సీట్ల బిల్లు వచ్చింది. చూసి కట్టేశాడు. అంతే, పండగేం లేదు.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. పెద్దమనిషివి కాబట్టి ఒప్పుకున్నావని కూడా పొగిడాను. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ అన్నాడు:

"సోది చాలుగానీ, బాబాయి పొద్దున మళ్ళీ పాస్‌వర్డ్ మరిచిపోయాడు. మార్చడం ఎలాగో నేర్చుకుని చావు."