ఆరువందల గుడ్డ పుస్తకం

శ్రీకాళహస్తి బస్టాండులో దిగాక చెల్లెలి ఇంటికి దగ్గరి దారి గుడి వైపు నుంచి ఉంది. మూడు నెలల పాటు ఆ దారిన నడవలేదు. ఊళ్ళో పని ఉంటే ఏటి వైపు నుంచి చుట్టు తిరిగి, పని చూసుకుని, అటునుంచి అటే తిరుపతి బస్సెక్కేవాణ్ని. అరవై దాటిన మనిషి తనకంటే పదిహేనేళ్ళు చిన్నదైన చెల్లెలికి కనపడకుండా సందులు వెతుక్కున్నాడు.

ఆమె మా చిన్నాన్న కూతురు. అత్తగారిది కలంకారీ ఇల్లు. కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండేసిన గుడ్డ మీద వెదురు కలంతో గీయడం మామగారి దగ్గరే నేర్చుకుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో నలుగురు ఆడవాళ్ళకు తనే నేర్పి పని ఇచ్చింది. దేవుళ్ళ తెరలకు గిరాకీ తగ్గి నెలలో సగం రోజులు వాళ్ళు ఊరికే కూర్చోవలసి వస్తుంటే, ఒక కొత్త వస్తువు ఆలోచించింది. పసిపిల్లలకు గుడ్డతో పుస్తకం. ఎనిమిది పేజీలు, పేజీకొక నెమలి, ఏనుగు, చేప. చింపినా చిరగదు. ప్రతి గీతా చేతిదే. అలాంటిది ఎవరూ చేసినట్టు మాకు తెలియదు. అది నిలబడితే ఆ నలుగురికీ ఏడాది పొడుగునా పని ఉంటుంది. ఆమెకు కావలసింది అంతే.

ధర ఎంత పెట్టాలో చెప్పమని నన్ను పిలిచింది. షెడ్డులో చాప మీద కూర్చున్నాం. మామగారు కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని ఒక మూల గుడ్డ సరిచేసుకుంటున్నారు.

"మామ రెండు వేలంటాడన్నా. నాకేమో బయంగా ఉండాది. పిల్లోళ్ళ గుడ్డకు రెండు వేలు ఎవురిస్తారు?"

"ఇచ్చేవోళ్ళే ఇస్తారు," అన్నారాయన తలెత్తకుండా. "కొత్తది, ఇంగ యాడా దొరకనిది. ముందు పెద్ద ధర పెట్టాల. కావాలనుకునేవోళ్ళు బేరమాడకుండా కొంటారు. వాళ్ళు అయిపోయినాక నాలుగు పేజీలది చేసి, రొంత తగ్గిస్తా రావాల. పైనుంచి కిందికి దిగొచ్చు గానీ, కిందినుంచి పైకి ఎక్కలేమమ్మా."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినపడుతుంది.

నాకు తెలిసిన ధరల పాఠం ఒకటే. నేను విలేఖరిగా పనిచేసిన మా పత్రిక జిల్లా సంచిక మొదలుపెట్టినప్పుడు ఏడాది పాటు సగం ధరకే ఇచ్చాం. ఆ ఏడాది చిత్తూరు, పలమనేరు, మదనపల్లె తిరిగి ఏజెంట్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ని. చదివేవాళ్ళు రూపాయి తేడాకు పత్రిక మార్చుకోవడం కళ్ళారా చూశాను. సంచిక నిలబడింది. అప్పటినుంచి తక్కువ ధరతో దిగడమే తెలివి అని నాలో గట్టిపడిపోయింది.

అదే చెప్పాను. "ఆరువందలు పెట్టమ్మా. మొదట కాస్త నష్టం వచ్చినా ఇంటింటికీ చేరాలి. గిరాకీ పెరిగితే ఖర్చు దానంతటదే తగ్గుతుంది. ఇంకొకడు కాపీ కొట్టేలోగా మార్కెట్టంతా నీదవుతుంది."

"ఖర్చు ఎట్ల తగ్గుతాదప్పా?" అన్నారు మామగారు. "ఒక పుస్తకం గీసి రంగేసేదానికి ఒక మనిషికి ఒకటిన్నర దినం. వంద చేసినా ఒకటిన్నర దినమే. కూలి, గుడ్డ, రంగు కలిపితేనే ఆరువందలు దాటతాది."

"మా పేపరు కూడా మొదట అట్లాగే..."

"నీ పేపరు మర్నాడు బోండాలు కట్టుకునేదానికి పోతాది. దీంట్లో ఎవురన్నా బోండాలు కట్టుకుంటారా?"

చెల్లెలు కిసుక్కున నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది. నా మాటే విన్నది. పేపరులో పేరున్న అన్న చెప్పాడు కదా అనుకుంది.

అంతటితో ఆగలేదు. ఆదివారం పేజీకి వ్యాసం రాశాను. 'ఆరువందలకే చేతిగీత పుస్తకం' అని శీర్షిక కూడా నేనే పెట్టాను.

మూడు వారాల్లో నాలుగు వందల ఆర్డర్లు వచ్చాయి. బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి సగం డబ్బు ముందే పంపారు. చెల్లెలు ఫోన్లో సంతోషంతో గట్టిగా మాట్లాడింది. నలుగురు నెలంతా వంచిన తల ఎత్తకుండా గీస్తే డెబ్బై పుస్తకాలు. అంటే ఆర్నెల్లు. లెక్క నాకూ తెలిసింది. "ఏం కాదు, ఇంకో ఇద్దర్ని పెట్టుకో," అన్నాను. కలం పట్టడం నేర్పడానికే ఏడాది పడుతుందని ఆమె నాకు గుర్తు చేయలేదు.

రెండో నెలకు గీతలు తొందరపడ్డాయి. నెమలి మెడ కోడి మెడలా వచ్చింది. కొన్నవాళ్ళు తిప్పి పంపారు. ధర పన్నెండు వందలకు పెంచితే, "పేపర్లో ఆరువందలని చూసినామే," అని కొత్తవాళ్ళు తిట్టారు. అదే సమయంలో మిల్లులో అచ్చు వేసిన గుడ్డ పుస్తకాలు రెండువందల యాభైకి బజారులోకి వచ్చాయి. వాళ్ళకు ఆ ధర గిట్టుతుంది. యంత్రం తిరిగేకొద్దీ ఒక్కో పుస్తకం ఖర్చు పడిపోతుంది. తక్కువ ధర వాళ్ళ ఆయుధం. దాన్ని తెచ్చి నేను చెల్లెలి చేతిలో పెట్టాను. రెండు వేలతో మొదలుపెట్టి ఉంటే నెలకు డెబ్బై మంది చాలు. ఇల్లంతా చేతిగీత బొమ్మలు తగిలించుకునే నగరాల్లో అంతమంది దొరక్కపోరు. అచ్చు పుస్తకం వచ్చినా వాళ్ళు దాన్నీ దీన్నీ ఒకటిగా చూడరు.

నన్ను ఎక్కువ బాధించేది తెలియక చెప్పడం కాదు. మా పత్రిక సగం ధరకు బతికింది ప్రకటనల డబ్బుతో. అచ్చు యంత్రం తిరగడం మొదలుపెట్టాక పదివేల కాపీలు ఎక్కువ వేసినా కాగితం ఖర్చే. ఈ రెండూ ఆ రోజు చాప మీద కూర్చున్నప్పుడు నాకు తెలుసు. ముసలాయన అడిగినప్పుడు నోటి దాకా వచ్చాయి కూడా. ఆయన ముందు ఓడిపోవడం ఇష్టం లేక మింగేశాను.

తర్వాత చెల్లెలి ఫోన్లు ఎత్తడం మానేశాను.

మొన్న వెళ్ళాను, దగ్గరి దారినే. షెడ్డులో చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉన్నాయి. నలుగురిలో ముగ్గురు రేణిగుంటలో గిడ్డంగికి పెట్టెలు కట్టే పనికి పోతున్నారట. నాలుగో ఆమె ఇంటి దగ్గరే ఉంది. ముందు డబ్బు ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇచ్చేశారు. చెల్లెలు ఒక్కతే కూర్చుని దేవుడి తెర గీస్తోంది. మామగారు నన్ను చూసి, "రాప్పా, కూసో," అన్నారు. బోండాల మాట ఎత్తుతారని ఎదురుచూశాను. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను.

"కాఫీ తాగన్నా ముందు," అంది.

మా మనవరాలికి ఒక పుస్తకం కావాలన్నాను. మిగిలినవి నాలుగున్నాయి, తొలి రోజుల్లో నిదానంగా గీసినవి. ఒకటి తెచ్చి ఇచ్చింది. జేబులోంచి రెండు వేలు తీశాను. ఆమె నోట్లు అందుకుంది. లోపలికి పోయి చిల్లర తెచ్చి, పద్నాలుగు వందలు నా చేతిలో పెట్టింది.

"ఇదెందుకమ్మా?"

"ధర నువ్వు పెట్టిందే కదన్నా," అంది. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది.

బస్సులో పుస్తకం విప్పి చూశాను. నెమలి మెడ ఒక్క గీతలో వంపు తిరిగింది, ఎక్కడా కలం ఆగలేదు. మనవరాలికి ఇంకా ఇవ్వలేదు. ఇది ఎవరు గీశారు తాతా, వాళ్ళిప్పుడు ఏం గీస్తున్నారు అని అడుగుతుంది.