నా ఒక్కడికే తెరుచుకోని పేజీ

అందరూ ఇంటి నుంచే పనిచేస్తున్నా, నెట్‌వర్క్ చూసేవాణ్ణి కాబట్టి పంజాగుట్ట ఆఫీసుకు నేనొక్కణ్ణే వెళ్లేవాణ్ణి. కొత్త రౌటర్ పెట్టిన మర్నాడు హాజరు పేజీ తెరుచుకోలేదు. ఆ పేజీ నడిచే పక్క గదిలోని సర్వర్‌ను తిట్టుకుంటూ రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను.

వెంటనే, ఇంటి నుంచి వీపీఎన్ ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే తోటి ఉద్యోగి ఫోన్ చేశాడు. "అన్నా, వీపీఎన్‌లో నాకు మంచిగనే వస్తుండె. నువ్వే బంద్ చేస్తున్నవా? జర ఆగు!"

ఒళ్లు మండింది. సర్వర్ పేరుకు అడ్రసేమిటని రౌటర్‌ను అడిగితే ఖాళీ జవాబు. పేర్లకు అడ్రసులు చెప్పే బయటి డీఎన్ఎస్‌ను నేరుగా అడిగితే 192.168తో మొదలయ్యే మా లోపలి అడ్రసు చక్కగా చెప్పింది. అప్పుడు వెలిగింది: డీఎన్ఎస్ రీబైండింగ్ రక్షణ. ఎవడో తన సైటు పేరుకు లోపలి అడ్రసు తగిలించి బ్రౌజర్‌ను మోసగించకుండా, అలాంటి జవాబులన్నిటినీ రౌటర్ పారేస్తోంది. వీపీఎన్‌లో వచ్చేవాళ్లు అడ్రసు కోసం ఈ రౌటర్‌ను అడగరు, అందుకే నా ఒక్కడికే ఈ తిప్పలు. పాపం, సర్వర్‌ను ఊరికే తిట్టాను.

మా డొమైన్‌ను మినహాయింపుల్లో చేర్చగానే పేజీ తెరుచుకుంది. 'ఈరోజు ఆఫీసులో ఉన్నవారు' అన్నచోట సున్నా ఉంది. నా పేరు నొక్కాను. ఒకటయింది.

సాయంత్రం దాకా ఒకటిగానే ఉంది.