నీళ్ళు ఎన్ని, ఎంత

బడిలో ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యాక ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. ఎవరు తప్పు మాట్లాడినా వెంటనే ఆపి సరిదిద్దుతాను. బోర్డు మీద వాళ్ళ పేరు పక్కన గీత గీస్తాను. వారం చివర గీతలు కూడి, కిందటి వారం లెక్కతో పోల్చి చదివి వినిపిస్తాను. సంఖ్య తగ్గితే నాకు తృప్తి.

మనవాళ్ళకు గీతలు దాదాపు ఒకేచోట పడతాయి. నీళ్ళు, పాలు, డబ్బులు మనకు బహువచనాలు. ‘ఎన్ని పాలు పొయ్యమంటారు’ అని అడుగుతాం. ఇంగ్లీషులో పాలు లెక్కపెట్టేవి కావు, కొలిచేవి. అందుకే మెనీ మిల్క్ అనకూడదు, మచ్ మిల్క్ అనాలి.

“అయితే మేడమ్, లీటర్లయితే మెనీ, పాలయితే మచ్చా?” అన్నాడు పెందుర్తి నుంచి వచ్చే మొబైల్ షాపు యజమాని.

“అంతే.”

“మా పాలోడు నీళ్ళు కూడా కలిపేత్తన్నాడండి. మరి దానికేటనాలి?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. తండ్రిది బోటు మీద చేపల వేట. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఆమెకు సోమవారం ఇంటర్వ్యూ ఉంది. ఆ ఉద్యోగం వస్తే వాళ్ళింట్లో నెలజీతం చూసిన మొదటి మనిషి తనే అవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు.

గురువారం ఆమెను నిలబెట్టి, మీరు దాటివచ్చిన ఒక కష్టం గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగాను. మొదట తడబడింది. తర్వాత చెప్పుకుపోయింది. తండ్రి బోటు ఇంజను నడిసముద్రంలో చెడిపోయిందట. ఫోన్లు అందలేదట. బోటు గాలివాటుకు కొట్టుకుపోయిందట. క్లాసంతా ఆమె వైపు తిరిగింది.

“దేర్ వజ్ నాట్ మెనీ వాటర్స్,” అంది, బోటులో తాగే నీళ్ళ గురించి. “ఎ లిటిల్ వాటర్స్.”

నేను చెయ్యెత్తాను.

“ఆగు. వాటర్ చివర ఎస్ రాదు. మెనీ కాదు, మచ్. ఇంకొకటి, ఎ లిటిల్ అంటే కొన్ని ఉన్నాయి, సర్దుకోవచ్చు అని. నువ్వు చెప్పదలుచుకున్నది దాదాపు లేవని. అప్పుడు ముందున్న ఎ తీసేసి, లిటిల్ వాటర్ అనాలి.”

బోర్డు మీద మూడు గీతలు గీసి ఆమె వైపు తిరిగాను. “ఊఁ, ఇప్పుడు చెప్పు.”

“అంతేనండి,” అని కూర్చుంది. నేను పక్కమనిషిని లేపాను.

శుక్రవారం ఆమెకు ఒక్క గీతా పడలేదు. అనుభవం ఉందా అంటే “యస్, సమ్ ఎక్స్‌పీరియన్స్.” అనుమానాలున్నాయా అంటే “నో, ఐ డోంట్ హావ్ ఎనీ డౌట్స్.” సమ్, ఎనీ రెండూ వాటి చోట్లలో ఉన్నాయి. “చూశారా, సున్నా!” అని అందరికీ చూపించాను.

“మాట్లాడితే కదా మేడమ్ గీతలు పడ్డానికి!” అన్నాడు షాపు యజమాని.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ఎందుకమ్మా ఇంత పొదుపు?” అన్నాను.

“మాటొకటి పెరిగితే గీతొకటి పెరుగుద్ది కదండీ. అందుకే తక్కువ సేసేసినాను.”

నిన్నటి బోటు సంగతి పూర్తిగా చెప్పమన్నాను, ఆపనన్నాను. “వద్దులెండి మేడమ్,” అంది. ఇంటర్వ్యూలోనూ ఇలాగే ముక్తసరిగా మాట్లాడి వచ్చేస్తే, ఆ ఉద్యోగం పోగొట్టినదాన్ని నేనే. ఆమె వెళ్ళాక బోర్డంతా తుడిచేశాను. తుడిచినంత మాత్రాన ఆమె నోరు తెరుచుకోదని తెలుసు.

సోమవారం సాయంత్రం క్లాసు మొదలుకాకముందే వచ్చింది. మొహం చూడగానే తెలిసిపోయింది.

“ఇచ్చేసినారు మేడమ్! ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు.”

“ఏమడిగారు?”

“మీరడిగిందేనండి, కష్టం గురించి. ముందు సెప్పకూడదనుకున్నాను. ఆ మేనేజరమ్మ పెన్ను కింద పెట్టేసి నా మొహమే సూత్తన్నాది. మా అయ్య సంగతి సెప్పీసినాను. మెనీ వాటర్సే అన్నాను మేడమ్, అలాగే వచ్చీసింది. ఆవిడ ఆపలేదు. తర్వాతేటయ్యిందని అడిగింది.”

తప్పులు మూడని నాకు తెలుసు. ఏ మూడో ఇప్పటికీ చెప్పగలను. ఆ బోటు ఒడ్డుకు చేరిందా, ఆ మనిషి బతికున్నాడా అని మాత్రం గురువారం నుంచి ఆ క్షణం దాకా అడగలేదు; శుక్రవారం చెప్పమన్నదీ ఆమె ఇంగ్లీషు కోసమే.

“ఏమైందమ్మా?”

“ఇంకో బోటోళ్ళు సూసినారండి. ఆళ్ళ దగ్గరా నీళ్ళు ఎక్కువ లేవు. అయినా ఇచ్చినారు. అవి తాగి, ఆళ్ళ బోటుకి తాడు కట్టుకుని, మా అయ్యోళ్ళు ఒడ్డు దాకా వచ్చీసినారు.” ఒక్క క్షణం ఆగింది. “అక్కడ ఎ లిటిల్ వాటర్ అనొచ్చు కదా మేడమ్?”

“అనొచ్చు,” అన్నాను.