ఉరుకుందప్ప మాటల్లో నిజమైనది

ఆలూరుకు పడమటనున్న ఆ పల్లెలో మహాదేవి అంగన్‌వాడీ టీచరు. మొదట అదే కేంద్రంలో ఆయాగా చేరి గిన్నెలు తోమింది, పిల్లల ముక్కులు తుడిచింది. పొద్దంతా పని చేసుకుంటూనే పదో తరగతి కట్టి పాసైంది. మూడేళ్ల కిందట టీచరు ఉద్యోగం ఖాళీ అయితే ఆమెకే ఇచ్చారు. అదే ఉద్యోగానికి ఉరుకుందప్ప కోడలు ఈరక్క కూడా దరఖాస్తు పెట్టుకుని ఉండింది. అప్పటినుంచి ఉరుకుందప్ప ఎదురుపడితే మహాదేవి తల తిప్పుకుని పోయేది. ఆయనైతే తల తిప్పుకోకుండానే ఏదో ఒకటి అనేవాడు.

ఆ ఎండాకాలం గ్రామసభలో ఆయన అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"పిల్లోళ్ల గుడ్లు యాడికి పోతాండాయో ఎవరికన్నా ఎరుకనా?" అన్నాడు. "టీచరమ్మ ఎప్పుడొస్తాదో, ఎప్పుడు తలుపు తీస్తాదో ఆ దేవునికే తెలియాల. ఇంకొక మాట. నా మనవడిని నత్తోడా, నత్తోడా అని పిలుస్తాది. వాడు మాట్లాడేదే మానుకున్న్యాడు."

గుడ్ల సంగతి సభకు వచ్చిన అంగన్‌వాడీ సూపర్‌వైజరు అక్కడికక్కడే తేల్చేసింది. పోయిన వారమే తాను వచ్చి చూశానని, లెక్క సరిగ్గానే ఉందని చెప్పింది. దాంతో మహాదేవికి ధైర్యం వచ్చింది.

"ముద్దుగా పిలిచినా తప్పేనా?" అంటూ లేచింది. "అసలు సంగతి అది కాదులేప్పా. మీ కోడలికి ఉద్యోగం రాలేదని నీ కడుపుమంట."

సభంతా నవ్వింది. వెనక వరుసలో కూర్చున్న ఈరక్క మాత్రం నవ్వలేదు. నాలుగేళ్ల కొడుకు వీరభద్రను దగ్గరికి లాక్కుని కొంగు కప్పింది.

మరునాడు పొద్దున పొయ్యి దగ్గర ఆ ముచ్చటంతా మహాదేవి ఆయా ఏసుమణికి మళ్లీ చెప్పింది. తాను అన్న మాట దగ్గరికొచ్చేసరికి తనకే నవ్వు వచ్చింది. ఏసుమణి బియ్యం కడుగుతోంది.

"ఏం ఏసుమణీ, తప్పు మాట్లాడినానా?"

"ఆయప్పది నోరు కాదులేక్కా. గుడ్ల మాట అబద్ధమని నేను యాడైనా చెప్తా." ఏసుమణి తల ఎత్తలేదు. "ఆ పిల్లోడు మాట్లాడి మాత్రం శానా దినాలాయె."

మహాదేవికి కోపం వచ్చింది. ఈమె కూడా వాళ్ల పక్కనేనా అనుకుంది. ఆ కోపంతోనే పోయి పిల్లల పేర్లు పిలవడం మొదలుపెట్టింది. వీరభద్ర వంతు వచ్చేసరికి నోరు తనంతట తానే "నత్తోడా" అంది. పిల్లలంతా పాటలాగా "నత్తోడా, నత్తోడా" అని అందుకున్నారు. వీరభద్ర చెయ్యి పైకెత్తాడు. అంతే, పెదవి కదపలేదు.

ఆ పేరు ఎప్పుడు పెట్టిందో గుర్తు చేసుకుంది. వాడు కొత్తగా చేరినప్పుడు మామిడిపండు బొమ్మ చూసి "మ... మ... మ..." అని ఆగిపోతే, "ఏంరా నత్తోడా" అని బుగ్గ గిల్లింది. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు. అందుకే అది ముద్దు అనుకుంది.

ఆ రోజు అన్నాలయ్యాక వాడు గోడ వెనక ఒక్కడే మట్టి ఎద్దులతో ఆడుకుంటున్నాడు. "ఏయ్, బిన్నా నడువు, వాన వస్తాండాది" అని ఎద్దును తొందరపెడుతున్నాడు. మాట ఎక్కడా తడబడలేదు. మహాదేవి మురిపెంగా ఒక అడుగు ముందుకేసింది. ఆమె నీడ మట్టి మీద పడగానే వాడు గమ్మునైపోయాడు. రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు, తప్పు చేసినవాడిలాగా.

ఆమె అక్కడ నిలబడలేకపోయింది. లోపలికి వచ్చి ఊరకే చాపలు చుట్టింది, మళ్లీ విప్పింది. నిన్న సభలో నవ్విన నవ్వులన్నీ ఇప్పుడు తన మీదే పడుతున్నట్టు ముఖం మండిపోయింది. ఈరక్క వచ్చి తనకు నేరుగా ఎందుకు చెప్పలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఉద్యోగం రానందుకు కుళ్లుతో అంటోందని అందరూ అనుకుంటారు. ఆమె మామ చెప్పినప్పుడు సభలో తాను అన్నదీ ఆ మాటే కదా.

అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఇది ఒప్పుకుంటే గుడ్ల మాట కూడా నిజమేనని అనరా? ఆయన గెలిచినట్టు కాదా? ఇంటికి పోయేదాకా అదే తలచుకుంది. రొట్టెలు చేస్తూ ఆయన మాటల్ని ఒక్కొక్కటే విడదీసి చూసుకుంది. గుడ్ల మాట శుద్ధ అబద్ధం, దానికి చేయాల్సిందేమీ లేదు. ఆలస్యం మాట సగం నిజం. ఆలూరులో మీటింగు ఉన్న రోజు ఏసుమణి ఒక్కతే వంట ముగించుకుని తలుపు తీసేది, బయట తల్లులు కాచుకుని ఉండేవాళ్లు. ముందు రోజే తల్లులకు చెబితే సరిపోతుంది. ఇక మూడో మాట. దాన్ని ఆయన కడుపుమంటతోనే అని ఉండవచ్చు. ఆ మంట ఆయనది. పిల్లవాడి నోరు మూయించింది తాను.

మరునాడు సాయంత్రం వాళ్లింటికి పోయింది. ఉరుకుందప్ప అరుగు మీద ఉన్నాడు. కూర్చోమని అనలేదు.

"గుడ్ల మాట అబద్ధమప్పా, అది ఎవరి ముందైనా చెప్తా," అంది మహాదేవి. "పిల్లోని మాట నిజం. తప్పు నాదే. సభలో నిన్ను అట్ల అనడం కూడా తప్పే."

"ఇప్పుడు తెలిసొచ్చిందా?" అన్నాడాయన, గెలిచినవాడిలా కాళ్లు చాపుకుంటూ.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, గడపలో నిలబడిన ఈరక్క వైపు తిరిగింది. "ఈరక్కా, నన్ను క్షమించు. పిల్లల డాక్టర్లు వచ్చినప్పుడు వీనిని చూపిస్తాం."

ఈరక్క పక్కనున్న కొడుకు తల నిమిరింది. "వాడు ఇంట్లో కూడా సైగలే చేస్తాండాడక్కా," అని మాత్రం అంది. ఆ మాట తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

తర్వాత ఉరుకుందప్ప టీ అంగడిలో కూర్చుని టీచరమ్మ వచ్చి తన కాళ్ల మీద పడిందని చెప్పుకున్నాడు. కొందరు వచ్చి, మరి గుడ్ల సంగతేమిటని అడిగారు. మహాదేవి ప్రతిసారీ అదే చెప్పింది: అది కాదు, ఇది అవును. సిగ్గుతో చెప్పింది, కానీ చెప్పింది. పిల్లలను కూర్చోబెట్టి, ఆ పేరు తాను తప్పుగా పెట్టిందని, ఇక ఎవరూ అనకూడదని చెప్పింది.

పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చిన డాక్టరమ్మ వీరభద్రను చూసి కర్నూలు పెద్దాసుపత్రికి రాసిచ్చింది. "నిదానంగా చెప్పు అనొద్దు. మాట మీరు అందించొద్దు. వాని ముఖం చూస్తూ కాచుకోండి," అంది. మహాదేవికి అది శానా కష్టమైంది. మాట అందించడం ఆమెకు అంత అలవాటు. ఒక్కోసారి పెదవి కొరుక్కుని ఆగేది. వాడు చాలా రోజులు ఏమీ అనలేదు. కాచుకోవడం తప్ప ఆమెకు ఇంకేం మిగల్లేదు.

వానలు పడ్డాక ఒకరోజు శివన్న అంగడి దగ్గర వాడు కనిపించాడు. "ఏం కావాల్రా నత్తోడా?" అన్నాడు శివన్న.

"వాని పేరు వీరభద్ర," అంది మహాదేవి.

"మీరు పెట్టిన పేరే కదా టీచరమ్మా?"

అంగడి దగ్గరున్న ఇద్దరు ముగ్గురు ఆమె వైపు చూశారు. ఆమె తల దించుకుంది. ఆ పేరు ఎన్ని ఇళ్లలో, ఎంతమంది నోళ్లలో పాతుకుపోయిందో ఇప్పుడు ఎవరు ఏరగలరు?

"అవును శివన్నా, నేనే పెట్టినా. తప్పు పెట్టినా. నువ్వు పిలవద్దు."

వీరభద్ర ఆమెను చూశాడు. తర్వాత శివన్న వైపు తిరిగి "బె... బె..." అన్నాడు. "బెల్లమా?" అనబోయిన శివన్నను మహాదేవి చెయ్యెత్తి ఆపింది. వెనక ఎవరో దగ్గారు. వాన తుంపర మొదలైంది. అందరూ కాచుకున్నారు.

"బె... బెలూను," అన్నాడు వాడు.