మా క్వయర్ సాగదీయకుండా పాడిన రోజు

మా ఊరి చర్చి క్వయర్‌కి ఒక జబ్బుండేది. సాగదీయడం. మాస్టారు రెండో చరణానికి చెయ్యెత్తితే, మేమింకా మొదటి చరణం చివరి అక్షరం పట్టుకుని వేలాడుతూ ఉండేవాళ్ళం.

"పాట పాడమంటే పాడె మోస్తారేంటర్రా!" అని తల పట్టుకునేవారాయన.

ఆయన భీమవరం పక్కన మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మమ్మల్ని వెంటబెట్టుకుని ఏటా రాజమండ్రి పాటల పోటీకి వెళ్ళడం, ఉత్త చేతులతో రావడం ఆయనకి అలవాటైపోయింది. షీల్డు గొడవ ఆయనకి పెద్దగా లేదు. ఆయనకిష్టమైన నాలుగు గొంతుల పాటొకటుంది. రాసినవాడు ఏ వేగంతో పాడమని రాశాడో ఆ వేగంతో దాన్ని ఒక్కసారి వినాలని ఆయన కోరిక. ఆ ఏడు బయల్దేరే ముందే చెప్పేశారు.

"ఇదే ఆఖరమ్మా. కాళ్ళు లాగేస్తున్నాయి. వచ్చే ఏడు ఇంకెవర్నన్నా చూసుకోండి."

నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న మా వదిన మాత్రం, "ఏడిస్తే గొంతు పోతుంది, నోర్మూసుకో" అంది. మా వదినకి ఓదార్చడమంటే అంతే.

మాస్టారికి రెండు పట్టింపులుండేవి. పోటీ రోజు పాడేదాకా అన్నం ముట్టకూడదు, నిండు కడుపుతో ఊపిరి నిలవదు. గొంతు తడారకుండా బుగ్గన పటికబెల్లం ముక్క పెట్టుకోవాలి. అది కరిగిపోతే ఇంకోటి. ఆ ఏడు పటికబెల్లానికి బదులు ఆయన చేతిలో నిగనిగలాడే పెద్ద రేకు డబ్బా ఉంది. కువైట్‌లో నర్సు పని చేసే కూతురు, సుగరున్న తండ్రి కదా అని పంపిన నారింజ బిళ్ళలు. పైన షుగర్ ఫ్రీ అని ఉంది. ఆయన ఒక్కటంటే ఒక్కటి చప్పరించి, మిగిలినవన్నీ మాకోసం దాచేశారు.

"పంచదారే లేదర్రా ఇందులో! ఎన్ని తిన్నా ఏం కాదు. కానివ్వండి."

మేం కానిచ్చాం. ఉదయం నుంచి పస్తు, వ్యానులో రెండు గంటల పైన కుదుపులు. పాట, బిళ్ళ, పాట, బిళ్ళ. "లావు కూడా అవ్వమంట, ఇంకోటి ఇటివ్వు" అని వదిన డబ్బా తన ఒళ్ళోకే లాక్కుంది. కీబోర్డు వాయించే అబ్బాయికి పన్నుపోటు, వాడొక్కడే ముట్టలేదు.

కొవ్వూరు దాటి రోడ్డు కం రైలు వంతెన ఎక్కాక, కడియం నర్సరీలకి వెళ్ళే మొక్కల లారీ ఒకటి నడిమధ్యన చెడిపోయి ఆగింది. దాని వెనక మేం. కింద గోదారి, ముందు మల్లె మొక్కలు. అప్పుడు వినిపించింది, గుడగుడమని.

"బేస్ గొంతుల వాళ్ళని ఇంకా ఎత్తుకోమనలేదే!" అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

ఎవరూ ఎత్తుకోలేదు. అది మా డాక్టరు గారి పొట్ట. ఊళ్ళో పేరున్న డాక్టరు, మా క్వయర్‌లో అందరికన్నా లోతు గొంతు ఆయనదే. ఆయన సిగ్గుపడేలోగా నా పొట్ట జవాబిచ్చింది. ఆ తర్వాత వదినది. కాసేపటికి నాలుగు గొంతులూ కలిశాయి. ఎవరో కిటికీ అద్దం తీశారు. ఇంకెవరో అన్ని అద్దాలూ తీశారు. నవ్వొస్తోంది, నవ్వితే ప్రమాదం! ఆ వంతెన అంత పొడుగుదని నాకా రోజే తెలిసింది.

హాలు చేరగానే వ్యాను ఆగీ ఆగకముందే దూకాం. హాలు వెనక మరుగుదొడ్లు రెండే. వరసలో నిలబడ్డానికి కూడా ఓపిక లేక, కాళ్ళు మెలేసుకుని దేవుడా దేవుడా అనుకుంటున్నాం. పోటీ పెట్టిన పెద్దలు హడలిపోయారు. "కలరా ఏమోనండీ! మిగతా క్వయర్లకి అంటుకుంటే? మీ పేరు కొట్టేయించుకోండి" అన్నారు. మాస్టారి మొహం పాలిపోయింది.

అప్పుడే తలుపు తీసుకుని డాక్టరు గారు బయటికొచ్చారు.

"ఆగండాగండి. జ్వరం ఎవరికైనా ఉందా? లేదు. వాంతులు? లేవు. అన్నం ఎవరూ తిన్లేదు, నీళ్ళు ఎవరి సీసా వాళ్ళదే. మరి అందరి కడుపులోకీ వెళ్ళిందేంటి? కీబోర్డు వాడి కడుపులోకి వెళ్ళనిదేంటి? ఆ డబ్బా ఇటివ్వండి."

అరబ్బీ పక్కన సన్నటి ఇంగ్లీషు అక్షరాలు దగ్గరగా పెట్టుకుని చదివారు. చదివి పకపకా నవ్వారు, వెంటనే పొట్ట పట్టుకుని ఆపేశారు.

"సార్బిటాలండీ! తియ్యగా ఉంటుంది, పంచదార కాదు. పంచదారైతే చిన్నపేగులోనే రక్తంలోకి ఇంకిపోద్ది. ఇది నెమ్మదిగా ఇంకుద్ది, అదీ కొంతే. మిగిలింది పేగులో కూర్చుని ఒంట్లో నీళ్ళని తన దగ్గరికి లాగేసుకుంటది. అందుకే ఈ జారుడు. పెద్దపేగులోకి దిగాక అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, మన దోసెల పిండి పొంగినట్టే. అదీ ఈ గ్యాసు. ఒకటి రెండు తింటే చాలామందికి ఏం కాదు. మనం ఖాళీ కడుపుతో డబ్బా ఖాళీ చేశాం! ఎక్కువ తింటే విరేచనాలవుతాయని ఇక్కడ రాసే ఉంది. ఇది అంటుకునేది కాదు, మందులక్కర్లేదు. ఇంక బిళ్ళ ముట్టకుండా, పోయిన నీళ్ళకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగండి. లోపలున్నది పోతే అదే కట్టేస్తుంది."

పెద్దలు శాంతించారు. మాస్టారు మాత్రం అరుగు మీద కూలబడిపోయారు.

"అయితే మిమ్మల్నిలా చేసింది నేనేనా? వద్దమ్మా. పేరు తీయించేస్తాను. ఇళ్ళకి పోదాం పదండి."

"బాగుందండీ సంబడం!" అని లేచింది వదిన. "ఇంతదూరం వచ్చింది వీళ్ళ దొడ్డి చూసి పోడానికా? పాడాల్సిందే. కాకపోతే తొందరగా కానివ్వండి!"

ఆఖర్న మా పేరు పిలిచారు. స్టేజీ ఎక్కాం. మాస్టారు చెయ్యెత్తారు, దించారు. అంతే, రేసు గుర్రాల్లా లేచాం. సాగదీయాలంటే తీరిక ఉండాలి కదా, ఆ పూట ఎవరికుంది? చరణం చివర వేలాడినవాళ్ళు లేరు. పై స్వరం అందుకోవాలంటే పొట్ట బిగించమని ఆయన ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. ఆ పూట మేం బిగించిన బిగింపు ఆ పరమాత్ముడికే తెలియాలి. స్వరాలు గాజుల్లా గలగలలాడాయి. మధ్యలో మాస్టారి వైపు చూశాను. ఆయన చెయ్యి మమ్మల్ని తరమడం మానేసి, మాతో పాటే ఆడుతోంది. కళ్ళు మూసుకున్నారు.

ఆఖరి స్వరం ఆగిందో లేదో, వందనం కూడా చెయ్యకుండా పరుగు.

షీల్డు మాదని మైకులో చెప్పినప్పుడు స్టేజీ దగ్గర కీబోర్డు అబ్బాయీ మాస్టారూ తప్ప మావాళ్ళెవరూ లేరు. "ఆ వేగం, ఆ ఊపిరి పట్టు!" అని జడ్జిగారు మెచ్చుకోవడం మాకు దొడ్లోకే వినిపించింది. మూసిన తలుపు వెనకనుంచి డాక్టరు గారు గోడలదిరేలా "హల్లెలూయ!" అన్నారు. నవ్వలేక చచ్చాం.

ఇంతలో మాస్టారే షీల్డు పట్టుకుని వెనక్కొచ్చారు. క్షమాపణ చెప్తారేమో, వారిద్దామని నేను నోరు తెరిచాను. ఆయన మా వరస చివర, ఎండలో, షీల్డు ఛాతీకి ఆనించుకుని నిలబడిపోయారు. చెంపలు తడిసి ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ నా మనసులోనే వినపడిందర్రా ఆ పాట. ఇవాళ చెవులతో విన్నాను" అన్నారు.

మా వదిన, ఎప్పుడూ ఎవర్నీ ఓదార్చని మనిషి, తన వంతొచ్చినా కదలకుండా ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది.