మావయ్య ఎనభై హెర్ట్జ్

మా మావయ్య జ్ఞానానందం అరసవల్లి రోడ్డులో ముప్పయ్యేళ్ళుగా మైకుసెట్లు చేస్తున్నాడు. మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్ళు శ్రీకాకుళంలో చాలామంది ఉన్నారు. డబ్బా దగ్గర్నుంచి చేతులతో చేసేవాడు నాకు తెలిసి ఈయనొక్కడే. చదివింది ఎనిమిదో తరగతి. శబ్దం సిగ్నల్‌ను పెంచే ఆప్-ఆంప్ చిప్పు పనితీరు ఒక రేడియో మెకానిక్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ఏ సెట్టు చేసినా మూత లోపల ఎవరి కోసం చేశాడో, ఏ కెపాసిటర్ ఎంత పెట్టాడో పెన్సిలుతో రాసుకుంటాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఆయన కూతురు ప్రిస్కిల్లాను చేసుకున్నాను. పేరు స్టాన్లీ. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే నా నిర్వాకమే ముందుకొస్తోంది. సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

పోయిన వేసవిలో మా చర్చి సంఘానికి కొత్త ఆంప్లిఫయర్ కావలసివచ్చింది. విశాఖపట్నం నుంచి రెడీమేడ్ తెద్దామన్నారు కొందరు. సంఘ పెద్ద ఎలీసమ్మ గారు ఒప్పుకోలేదు. "మనోడు సేస్తాడు కదా, మనోడి సేతే సేయిద్దాం" అంది. మావయ్య నెలరోజులు కష్టపడి చేశాడు. మైకు దారిలో ఒక ఫిల్టరు పెట్టాడు. మా పాస్టరు గారు మాట్లాడుతూ బల్ల మీద గుద్దుతారు. పైన ఫ్యాన్లు తిరుగుతాయి, ఆ గాలి మైకులోకి కొడుతుంది. ఆ గుభగుభలన్నీ బాగా లోతు శబ్దాలు. మనిషి మాటకు వాటితో పనిలేదు. అందుకని ఎనభై హెర్ట్జ్ కింద వచ్చేదాన్ని ఆప్-ఆంప్ దగ్గరే కోసేశాడు. ఇరవై కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు, పాయింట్ వన్ మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు. లెక్క వేస్తే సరిగ్గా ఎనభై వస్తుంది. ఆ లెక్క మూత లోపల ఉంది కూడా.

శనివారం సాయంత్రం చర్చిలో బిగించాక ఎలీసమ్మ గారు నావైపు తిరిగింది.

"నువ్వు కాలేజీలో పిల్లలకు సెప్తావు కదా బాబూ. కంప్యూటర్లో ఒకసారి సూపించు. రెడీమేడ్ కావాలన్నోళ్ళ నోళ్ళు మూతపడతాయి."

నాకు ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లాప్‌టాపు, దానికి తగిలించే చిన్న సౌండుకార్డు బల్ల మీద పెట్టాను. స్పీకరు బదులు ఎనిమిది ఓమ్‌ల రెసిస్టరు తగిలించాను. ఆంప్లిఫయర్ వోల్టేజి నేరుగా వెళ్తే సౌండుకార్డు కాలిపోతుంది కాబట్టి రెండు రెసిస్టర్లతో పదకొండో వంతుకు తగ్గించి లోపలికిచ్చాను. లోతైన ఇరవై హెర్ట్జ్ నుంచి సన్నని ఇరవై వేల దాకా లాప్‌టాపు చేత కూత పెట్టించాను. ఏ శబ్దం ఎంత గట్టిగా వస్తోందో చూపిస్తూ స్క్రీను మీద నీలంరంగు గీత లేచింది. పెద్దలందరూ ముందుకు వంగారు.

గీత ఎనభై దగ్గర వంగాలి. రెండువందల దగ్గరే మూడు డెసిబెల్స్ పడిపోయింది. ఎనభై దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర కిందికి పోయింది.

"మావయ్యా, కెపాసిటర్లు తేడాగా ఉన్నాయి. గొంతులో బరువంతా పోతోంది" అన్నాను. నలుగురూ వినేలాగానే అన్నాను.

మావయ్య కళ్ళజోడు సర్దుకుని స్క్రీను చూశాడు. "ఎనభైకే లెక్కేసేను బాబూ" అన్నాడు మెల్లగా.

"లెక్క వేరు, కొలత వేరు మావయ్యా. కంప్యూటరు అబద్ధం చెప్పదు కదా."

ఈ మాట అన్నది నేనే.

ఆయన సంచీలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి, ఆ రెండు కెపాసిటర్లు పీకి, పాయింట్ టూ టూవి వేశాడు. ఫిల్టరు ముప్పై ఆరుకు దిగిపోయింది, ఇక ఆ కిందవే కోస్తుంది. మళ్ళీ కొలిచాను. కింద కొంచెం లేచింది గానీ రెండువందల దగ్గర పడటం పడుతూనే ఉంది. ఫిల్టరును అంత కిందికి దించినా ఆ వంపు కదలలేదంటే, అది ఫిల్టరుది కాదని అక్కడే నా బుర్రకు తట్టాలి. తట్టలేదు. తట్టించుకోలేదు. నా చుట్టూ జనం ఉన్నారు. "ఇప్పుడు నయం" అని లాప్‌టాపు మూసేశాను.

ఆదివారం పాస్టరు గారు మొదటిసారి బల్ల గుద్దగానే చర్చి కిటికీలు అదిరాయి. ఫ్యాను గాలి మైకులో పడి తుఫాను హోరులాగ వినిపించింది. పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. పావుగంటకు ఒక స్పీకరు బరబరమని మూగబోయింది. ఎలీసమ్మ గారు అందరి ముందూ లేచి నిలబడింది.

"ముప్పయ్యేళ్ళ నుంచి సేస్తన్నావు, ఏటి జ్ఞానానందం ఇది? నీ మాట నమ్మి రెడీమేడ్ వద్దన్నాను. నా మొకం ఎక్కడ పెట్టుకోమంటావు?"

మావయ్య తల దించుకుని వైర్లు ఊడదీశాడు. నేను రెండో వరసలో కూర్చుని పాటల పుస్తకంలోకి చూస్తున్నాను. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కెపాసిటర్లు తేడా అన్నది నేనేనని అక్కడ సగం మందికి తెలుసు. వాళ్ళూ నన్ను ఏమీ అనలేదు, అల్లుణ్ణి కదా. ఆయన ఆ సెట్టును ఒక్కడే ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. సంఘం విశాఖపట్నం సెట్టు తెప్పించుకుంది.

పదిరోజుల తరువాత కాలేజీ లాబులో పిల్లలచేత అదే ప్రయోగం చేయిస్తున్నాను, అదే సౌండుకార్డుతో. యమున అనే అమ్మాయి వైరు పట్టుకుని నిలబడింది.

"సార్, ముందు వైరొక్కటే పెట్టి కార్డు సంగతి సూడాలి కదా. మాన్యువల్లో అదే ఫస్టు రాసి ఉన్నాది."

ఆ మాన్యువల్ రాసింది నేను. సౌండుకార్డు ఔట్‌పుట్టును దాని ఇన్‌పుట్టుకే కలిపి, కార్డు సొంత గీత తీసి, కొలతలోంచి దాన్ని తీసివేయాలని మొదటి అంశంగా రాసింది నేనే. ఏటా ప్రతి బ్యాచికీ బల్ల గుద్ది చెప్పేదీ నేనే.

యమున వైరు కలిపింది. మధ్యలో ఆంప్లిఫయర్ లేదు, ఫిల్టరు లేదు, జానెడు వైరుంది. అయినా గీత రెండువందల దగ్గర మూడు డెసిబెల్స్ పడింది. ఆ వంపు కార్డుదే. ఎనభై దగ్గర ఎనిమిదిన్నర. చర్చిలో నేను చూసిన పదకొండున్నరలోంచి ఎనిమిదిన్నర తీసేస్తే మూడు. ఫిల్టరు ఎనభై దగ్గర ఎంత పడాలో అంతే. మావయ్య లెక్కలో పిసరంత తేడా లేదు.

పిల్లల్ని వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

ఎలీసమ్మ గారింటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోమనలేదు. "నాకు సెప్పితే ఏటి లాభం బాబూ? ఆడిని నలుగుర్లో అన్నాం. నలుగుర్లోనే సెప్పు" అంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక లేచి చెప్పాను. తప్పు సెట్టుది కాదు, మావయ్యది కాదు, నాది, నా సౌండుకార్డుది అన్నాను. ఎలీసమ్మ గారు మావయ్య దగ్గరికెళ్ళి చేతులు పట్టుకుంది. ఆ సెట్టే మళ్ళీ పెడదామన్నారు అందరూ. ఆయన తల ఊపాడు. పనైపోయింది, ఇక అన్నీ సర్దుకున్నట్టే అనుకున్నాను.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మావయ్య సెట్టు మూత తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. మూత లోపల పెన్సిలు లెక్క లేదు. రబ్బరుతో చెరిపేసి ఉంది.

"ఇదెప్పుడు చెరిపేశారు మావయ్యా?"

"సెట్టు ఊడదీసి తెచ్చిన ఆదివారమే. తప్పు లెక్క ఉండకూడదు కదా బాబూ."

"తప్పు కాదని తేలింది కదా. పాతవే వేసెయ్యండి."

ఆయన ఒక అరచేతిలో పాత కెపాసిటర్లు, ఇంకో చేతిలో కొత్తవి పట్టుకుని నాకేసి చూశాడు. అందులో దెప్పు లేదు, కోపం లేదు. నిజంగానే అడిగాడు.

"ఏవి పెట్టమంటావు? నువ్వు కంప్యూటర్లో సూసి సెప్పు బాబూ. అప్పుడు పెడతాను."